గేటు లెక్క ఒకటి, ఫారం లెక్క ఒకటి

ఫెస్ట్ అయిపోయింది. స్టేజీ విప్పుతున్నారు, సౌండ్ వాళ్లు వైర్లు చుడుతున్నారు. మీరు ఓ కుర్చీలో కూలబడి కాళ్లు చాపుకున్నారో లేదో, కల్చరల్ కమిటీ సార్ వచ్చి అడిగారు: "ఎంతమంది వచ్చారమ్మా మొత్తం?"

మీ దగ్గర జవాబు ఒక్కటి కాదు, రెండున్నాయి. గూగుల్ ఫారంలో 1,146, గేటు దగ్గర కుర్రాళ్లు క్లిక్కర్ నొక్కిన లెక్క 1,873. ఇప్పుడేం చెబుతారు?

చాలామంది ఈ రెంటిలో తమకు అనువైనది చెప్పేస్తారు. స్పాన్సరు అడిగితే పెద్దది, అకౌంట్స్ సెక్షన్ అడిగితే చిన్నది. మూడో రోజుకి ఆ రెండు కాగితాలూ ఒకే టేబుల్ మీదికి చేరతాయి. అక్కడి నుంచి మీ గొంతు పూడిపోతుంది.

ఈ అధ్యాయంలో ఒక కథ చెబుతాను. గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ అనుకోండి. మూడో సంవత్సరం అమ్మాయి ఫెస్ట్ కోఆర్డినేటర్. ఒకరోజు ఫెస్ట్, మనిషికి 150 రూపాయలు. అంకెలు ఉదాహరణకి నేను వేసినవే, కానీ చిక్కుముడి మాత్రం ఫెస్ట్ చేసిన ప్రతి కాలేజీకీ తెలిసిందే.

రాత్రి తొమ్మిదింటికి ట్రెజరర్ కుర్రాడు ఫోన్‌లోనే తీసివేత చేసి చూపించాడు. 1,873లోంచి 1,146 పోతే 727. దాన్ని 150తో గుణిస్తే 1,09,050 రూపాయలు. "గేటు దగ్గర డబ్బు తీసుకుని లోపలికి వదిలేశారక్కా. ఖాయం" అన్నాడు. గేటు దగ్గర నిలబడింది రెండో సంవత్సరం పిల్లలు. పొద్దున ఏడు నుంచి ఎండలో నిలబడ్డవాళ్లు. పదిన్నరకల్లా ఈ మాట వాళ్ల హాస్టల్ గదుల దాకా పాకింది.

ఆ అమ్మాయి ముందు చేసిన మంచి పని ఏమిటంటే, ఎవర్నీ పిలిచి నిలదీయకపోవడం. "రేపు సాయంత్రం దాకా ఈ లెక్క గురించి ఎవరూ గ్రూపులో ఏమీ పెట్టొద్దు" అని ఒక్క మెసేజ్ పెట్టింది. తర్వాత కాగితాలన్నీ ఒకచోటికి తెప్పించింది. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

1. ఏది నిజం అని అడక్కండి. ఏది దేన్ని లెక్కపెట్టిందో అడగండి

ఫారం 1,146 మందిని లెక్కపెట్టిందా? లేదు. ఎవరో ఒకరు సబ్‌మిట్ బటన్ 1,146 సార్లు నొక్కారని మాత్రమే అది చెబుతుంది. నలుగురి టీముకి లీడర్ ఒక్కడే ఫారం నింపితే అది ఒక వరుస. ఒకే అమ్మాయి రంగోలీకి ఒకసారి, క్విజ్‌కి ఒకసారి నింపితే అవి రెండు వరుసలు.

మరి గేటు 1,873 మందిని లెక్కపెట్టిందా? అదీ లేదు. గుమ్మం దాటి లోపలికి ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టింది. మధ్యాహ్నం బయటికెళ్లి బిర్యానీ తిని తిరిగొచ్చినవాడు అక్కడ ఇద్దరు. మైకు సెట్ వాడు, జడ్జి మేడమ్, ఐస్‌క్రీం స్టాల్ వాడు కూడా అక్కడ మనుషులే. వాళ్లెవరూ ఫారం నింపలేదు.

అంటే ఆ కుర్రాడు తీసివేసింది అడుగుల్లోంచి వరుసల్ని. వచ్చిన 727కి అర్థమే లేదు. దాన్ని 150తో గుణించేసరికి అది నేరంలా కనబడింది.

కాబట్టి రెండు లెక్కల్నీ ఒకే కొలతలోకి తేవాలి. ఆ కొలత 'మనిషి'. ఒక్కో మనిషి ఒక్కసారే.

2. ఫారాన్ని మనుషుల్లోకి దించండి

ముందు షీట్‌కి ఒక కాపీ తీసుకోండి. అసలు దాంట్లో ఒక్క వరుస కూడా చెరపొద్దు. రేపు ఎవరైనా "నువ్వే తీసేశావు" అంటే చూపించడానికి అది ఉండాలి.

కాపీలో మొదట పోయేవి టెస్టు వరుసలు. ఫారం పనిచేస్తోందా అని మీ టీమే నింపినవి. పేరు దగ్గర "అఅఅ" అనో, ఫోన్ దగ్గర పది సున్నాలో ఉంటాయి. మన కథలో అవి 6. మిగిలినవి 1,140.

తర్వాత ఒకే మనిషి రెండుసార్లు ఉన్నాడేమో చూడాలి. పేరుతో చూడకండి. ఒకే మనిషి ఒకసారి ఇంటిపేరు ముందు రాస్తాడు, ఇంకోసారి వెనక రాస్తాడు, మూడోసారి పొడి అక్షరాలతో సరిపెడతాడు. ఫోన్ నంబర్ మేలు. కానీ అదీ నేరుగా సరిపోలదు. ఒకడు ముందు +91 పెడతాడు, ఇంకొకడు సున్నా పెడతాడు, మరొకడు మధ్యలో ఖాళీ వదుల్తాడు. అందుకని అంకెలు కానివన్నీ తీసేసి చివరి పది అంకెలే ఉంచుకోవాలి. ఫోన్లు C కాలమ్‌లో ఉంటే, ఖాళీగా ఉన్న H కాలమ్‌లో మొదటిది వేసి కిందికి లాగండి. రెండోది వేరే ఖాళీ గడిలో వేయండి:

```
=RIGHT(REGEXREPLACE(TO_TEXT(C2),"\D",""),10)
=COUNTUNIQUE(H2:H1141)
```

మొదటిది నంబర్‌ని శుభ్రం చేస్తుంది. రెండోది వేర్వేరు నంబర్లెన్నో చెబుతుంది. ఆ అమ్మాయికి 994 వచ్చింది.

ఇక్కడే ఆగిపోతే పొరపాటు. హాస్టల్లో ఒకడి ఫోన్‌లో నెట్ ఉంటే రూమ్‌మేట్లవి కూడా అతనే నింపేస్తాడు, నంబర్ తనదే ఇస్తాడు. ఒకే నంబర్, వేర్వేరు పేర్లు ఉన్న వరుసల్ని కంటితో చూడాల్సిందే. ఇలా విడిగా లెక్కేయాల్సినవాళ్లు 14 మంది తేలారు. మొత్తం 1,008.

తొలగిన 132 వరుసల్లో 38 మాత్రం అచ్చంగా రెండుసార్లు నొక్కినవి. డబ్బు కట్టాక పేజీ తిరుగుతూ ఉండిపోతే కంగారులో మళ్లీ నింపినవాళ్లు. మిగతా 94 ఇంకో పోటీకి పేరిచ్చినవాళ్లవి. ఈ రెంటినీ విడివిడిగా రాసి పెట్టుకోండి. మొదటి రకం ఫారం లోపం, రెండో రకం మామూలే.

ఇప్పుడు టీములు. మన 1,008 మందిలో 172 మంది టీము లీడర్లు. వాళ్ల ఫారాల్లో 'సభ్యుల పేర్లు' అన్న గడిలో కామాలు పెట్టి రాసిన పేర్లు 431. వీళ్లలో 57 మంది సోలో సాంగ్‌కో ఫోటోగ్రఫీకో సొంతంగా కూడా నమోదు చేసుకున్నారు, ముందే లెక్కలో ఉన్నారు. కొత్తగా చేరేది 374. మొత్తం 1,382.

చూశారా? 1,146 అనుకున్నది తగ్గి తగ్గి 1,008 అయింది, మళ్లీ పెరిగి 1,382 అయింది. తీసేయాల్సినవి తీసేసి కలపాల్సినవి మర్చిపోయేవాళ్లే ఎక్కువ. డూప్లికేట్లు వెతకడం అందరికీ తెలుసు. ఒక గడిలో నలుగురు దాక్కున్నారని ఎవరికీ తట్టదు.

3. స్క్రీన్‌షాట్‌ని నమ్మకండి, బ్యాంకు స్టేట్‌మెంట్‌ని నమ్మండి

పేరిచ్చినవాళ్లంతా డబ్బు కట్టారా? ఫారంలో యూపీఐ స్క్రీన్‌షాట్ అడుగుతాం. దాన్ని ఎవరైనా చూస్తారా? వెయ్యి బొమ్మలు తెరిచి చూసే ఓపిక ఎవరికుంటుంది?

యూపీఐ చెల్లింపుకి 12 అంకెల లావాదేవీ నంబర్ ఉంటుంది. మనవాళ్లు యూటీఆర్ అంటారు. దాన్ని ఫారంలో విడి గడిగా టైపు చేయించుకుంటే స్టేట్‌మెంట్‌తో ఒక్క ఫార్ములాలో సరిచూసుకోవచ్చు. బొమ్మ మాత్రమే తీసుకుంటే చేత్తో చేయాలి. ఆ అమ్మాయి అదృష్టం, నంబర్ అడిగింది. ఫెస్ట్‌కి ముందే సరిచూస్తే, ఒకే నంబర్ రెండు ఫారాల్లో కనిపించినవి, స్టేట్‌మెంట్‌లో అసలు లేనివి కలిపి 31 మంది తేలారు. వీళ్లంతా మోసగాళ్లని కాదు. డబ్బు అకౌంట్‌లో కట్ అయి తర్వాత వెనక్కి వెళ్లిపోయినవాళ్లు వీళ్లలో కొందరు ఉంటారు. వాళ్ల దగ్గర స్క్రీన్‌షాట్ ఉంటుంది, మీ దగ్గర డబ్బుండదు. అలాంటివాళ్లని ఫెస్ట్ రోజు డెస్క్ నుంచి స్పాట్ కౌంటర్‌కి పంపారు.

ఆన్‌లైన్‌లో డబ్బు కట్టినవాళ్లు 1,351. స్పాట్ కౌంటర్ రసీదు పుస్తకాల ప్రకారం 212. ఇవి అచ్చు నంబర్లున్న రసీదులు కాబట్టి మొదటిదీ చివరిదీ చూస్తే చాలు. మొత్తం 1,563 మంది లోపలికి రావడానికి హక్కున్నవాళ్లు.

హక్కున్నవాళ్లు అన్నాను, వచ్చినవాళ్లు అనలేదు.

4. మధ్యలో ఒక మూడో సాక్షిని పెట్టుకోండి

ఫారం వరుసల్ని చెప్పింది, గేటు అడుగుల్ని చెప్పింది. ఇద్దరూ చెప్పలేనిది ఒకటుంది: అసలు వచ్చిన మనుషులెందరు? అది చెప్పేది చేతికి చుట్టే రిస్ట్ బ్యాండ్. వరుస నంబర్లున్న బ్యాండ్లు కొంటే సగం తలనొప్పి పోతుంది. నంబర్లు లేనివి కొద్దిగా చౌక. ఆ ఆదాకి ఆశపడకండి.

మన కాలేజీ వాళ్లు పోటీదారులకి ఎర్రవి 1,500 తెచ్చారు. గేటు బయట టేబుల్ వేసి, జాబితాలో టిక్కు పెట్టి కడుతూ పోయారు. సాయంత్రం మిగిలినవి 120. కట్టేటప్పుడు చిరిగి పక్కన పడేసినవి 9. చిరిగినవి దాచడం ముఖ్యం, చెత్తబుట్టలో వేస్తే ఆ తొమ్మిదీ మనుషులైపోతారు. అంటే 1,371 చేతులకి ఎర్ర బ్యాండ్ పడింది. అందులో స్పాట్ వాళ్లు 212 పోతే ఆన్‌లైన్ వాళ్లు 1,159. డబ్బు కట్టీ రానివాళ్లు 192. దాదాపు ఏడుగురిలో ఒకరు. పరీక్షల ముందు పెట్టిన ఫెస్ట్‌కి ఇది వింతేమీ కాదు.

వలంటీర్లకి, అతిథులకి, స్టాళ్ల వాళ్లకి నీలం బ్యాండ్లు ఇచ్చారు. వలంటీర్లు, ప్రదర్శనలిచ్చినవాళ్లు 118, స్టాళ్లు 22, జడ్జీలూ అతిథులూ 24. మొత్తం 164.

ఎర్రవీ నీలంవీ కలిపితే 1,535 మంది. గేటు దాటిన మనుషులు వీళ్లే.

5. ఇప్పుడు గేటు అడుగుల్ని విడదీయండి

1,873లోంచి 1,535 పోతే 338. గేటు పిల్లల మీద పడ్డ నింద ఈ 338 దగ్గరే తేలాలి. వాళ్లని పిలిచే ముందు ఆ అమ్మాయి క్లిక్కర్ అంకె ఎప్పుడెంత పెరిగిందో చూసింది.

గేటు దగ్గర ఒక కుర్రాడు, ఎవరూ చెప్పకుండానే, అరగంటకోసారి క్లిక్కర్ అంకెని అట్టముక్క మీద రాస్తూ వచ్చాడు. ఒంటిగంటన్నరకి 1,204. రెండున్నరకి 1,556. గంటలో 352 మంది లోపలికి. అదే గంటలో బ్యాండ్ల టేబుల్ దగ్గర ఎన్ని కొత్త బ్యాండ్లు కట్టారు? టేబుల్ వాళ్ల వరుస నంబర్లు చూస్తే 41. మిగతా 311 మంది ఎవరు? అప్పటికే చేతికి బ్యాండ్ ఉన్నవాళ్లు. భోజనానికి బయటికెళ్లి తిరిగొచ్చినవాళ్లు.

"తిరిగొచ్చినవాళ్లని కూడా నొక్కావా తమ్ముడూ?" అని అడిగింది ఆ అమ్మాయి.

"లోపలికొచ్చినవాళ్లందర్నీ నొక్కమన్నారు కదక్కా?" అన్నాడు వాడు.

తప్పెవరిది? నొక్కమన్నారు, నొక్కాడు. ఎవర్ని నొక్కకూడదో ఎవరూ చెప్పలేదు.

338లో 311 పోతే 27. ఈ ఇరవై ఏడు ఎక్కడివి? నీలం బ్యాండ్ల వలంటీర్లు పగలంతా నీళ్ల క్యాన్ల కోసం, జిరాక్సుల కోసం లోపలికీ బయటికీ తిరిగారు. షిఫ్టు మారేటప్పుడు పాత కుర్రాడూ కొత్త కుర్రాడూ ఇద్దరూ నొక్కి ఉండవచ్చు. బ్యాండ్ లేకుండా దూరినవాళ్లూ ఉండవచ్చు. ఇంతకు మించి తేల్చే కాగితం లేదు. అందుకని ఆ అమ్మాయి 'తేలనివి: 27' అని రాసేసి ఊరుకుంది.

ఇక్కడ చాలామందికి చెయ్యి వణుకుతుంది. ఆ ఇరవై ఏడుని ఏదో ఒక గడిలో సర్దేస్తే లెక్క అందంగా సున్నాకి వస్తుంది కదా అనిపిస్తుంది. సర్దకండి. మన దేశ జనాభా లెక్కలకే తర్వాత ఒక తనిఖీ సర్వే చేస్తారు. 2011 లెక్కల్లో వెయ్యికి సుమారు 23 మంది లెక్కకి అందలేదని ఆ సర్వేలో తేలితే ప్రభుత్వమే అచ్చు వేసింది. ఒకరోజు ఫెస్ట్‌లో రెండు వేల అడుగులకి ఇరవై ఏడు తేలలేదంటే మీరు సిగ్గుపడాల్సిన పని లేదు. సున్నాకి సున్నా తేలిన కాగితం చూస్తే నాకైతే అనుమానమే వస్తుంది.

ఆ 27 మందీ దొంగచాటుగా దూరినవాళ్లే అనుకున్నా నష్టం 4,050 రూపాయలు. లక్షా తొమ్మిది వేలు కాదు.

6. అనుమానం లేని చోట కూడా ఒకసారి చూడండి

అందరి కళ్లూ గేటు మీదే ఉన్నాయి. ఆ అమ్మాయి మాత్రం బ్యాండ్ల టేబుల్ జాబితా తీసి టిక్కులు లెక్కపెట్టింది. ఆన్‌లైన్ వాళ్ల టిక్కులు 1,148. బ్యాండ్లు 1,159. పదకొండు బ్యాండ్లు ఏ పేరూ లేకుండా ఎవరి చేతులకో వెళ్లాయి.

హడావిడిలో టిక్కు పెట్టడం మర్చిపోయి ఉండవచ్చు. పదింటికి క్యూ రోడ్డు దాకా వచ్చింది మరి. లేదా టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లు తెలిసినవాళ్లకి ఊరికే కట్టి ఉండవచ్చు. కూర్చున్నది ట్రెజరర్ కుర్రాడి జట్టే. అతని మొహం కాస్త చిన్నబోయింది. ఆ అమ్మాయి ఇక్కడ కూడా ఎవర్నీ దొంగ అనలేదు, 'టిక్కు లేని బ్యాండ్లు: 11' అని ఇంకో గీత రాసింది. గేటు పిల్లలకి ఇచ్చిన మర్యాద టేబుల్ పిల్లలకీ ఇవ్వాలి కదా?

తరచూ జరిగే పొరపాట్లు

రెండు గేట్లుంటే రెండో గేటుని మర్చిపోవడం మొదటిది. హాస్టల్ వైపు చిన్న గేటు తాళం వేశామనుకుంటారు, మెస్ సరుకు బండి కోసం ఎవరో తీసి అలాగే వదిలేస్తారు. బ్యాండ్ల లెక్క గేటు లెక్క కంటే ఎక్కువ వచ్చిందంటే అక్కడే చూడాలి. జనం వేరే దారిన వచ్చారన్నమాట. మన కథలో గేటే ఎక్కువ చూపింది కాబట్టి ఆ బాధ లేదు.

రెండోది, మధ్యలో క్లిక్కర్‌ని సున్నా చేసేయడం. షిఫ్టు మారగానే కొత్తవాడు "నా లెక్క నాది" అని తిప్పేస్తాడు. పాత అంకె ఎక్కడా రాసి ఉండదు. క్లిక్కర్ మీద టేపు అతికించి "తిప్పొద్దు" అని రాసిపెట్టండి, నవ్వుకున్నా ఫర్వాలేదు.

మూడోది భోజనం ప్లేట్లతో జనాన్ని లెక్కపెట్టడం. కేటరింగ్ వాళ్లు చెప్పే ప్లేట్ల లెక్క బిల్లు కోసం. ఒకే మనిషి రెండు ప్లేట్లు తీసుకుంటాడు, ఇంకొకడు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటాడు. దాన్ని సాక్ష్యంగా తేవొద్దు.

వచ్చే ఏడు ఏం మార్చాలి?

పెద్ద యాప్ ఏదీ అక్కర్లేదు. క్యూఆర్ స్కాన్ పెట్టే స్తోమత ఉంటే మంచిదే. కానీ గేటు దగ్గర రెండు వేల ఫోన్లు ఒకే టవర్ మీద పడితే నెట్ నిలబడిపోతుంది, అప్పుడు మళ్లీ చేత్తో రాసే జాబితాయే దిక్కు. జాబితా అచ్చు తీసి పెట్టుకోకుండా స్కానర్‌ని నమ్ముకోకండి.

గేటుకి రెండు వరుసలు పెట్టండి. బ్యాండ్ ఉన్నవాళ్లు తిరిగొచ్చే దారి ఒకటి, కొత్తవాళ్లది ఒకటి. క్లిక్కర్ కొత్తవాళ్ల దారిలోనే ఉండాలి. అది కుదరకపోతే బయటికెళ్లేవాళ్లని కూడా రెండో క్లిక్కర్‌తో లెక్కపెట్టండి. లోపలికొచ్చినవాటిలోంచి అది తీసేస్తే ఆ నిమిషంలో లోపలున్నవాళ్లెందరో వస్తుంది. తొక్కిసలాట భయం ఉన్న రాత్రి కచేరీకి మీకు కావాల్సింది ఆ అంకే. పొద్దుటి నుంచి ఎందరొచ్చారన్నది అప్పుడు పనికిరాదు.

ఫారంలో టీము సభ్యులకి ఒక్కొక్కరికి ఒక గడి పెట్టండి. ఒకే గడిలో నలుగురి పేర్లు రాయించకండి.

ఇక సార్‌కి ఇచ్చే కాగితం. ఆ అమ్మాయి మర్నాడు నాలుగింటికి ఇచ్చినది ఇంతే: డబ్బు కట్టినవాళ్లు 1,563. వాళ్లలో వచ్చినవాళ్లు 1,371, ఇందులో టిక్కు లేని బ్యాండ్లు 11. వలంటీర్లు, అతిథులు, స్టాళ్లు 164. భోజనం తర్వాత మళ్లీ వచ్చినవి 311. తేలనివి 27. గేటు మొత్తం 1,873.

సార్ కళ్లద్దాలు పైకి నెట్టుకుని ఒకటికి రెండుసార్లు చూశారు. "అయితే స్పాన్సర్‌కి ఎంత చెప్పాలి?" అన్నారు.

"1,535 మంది అని చెప్పండి సార్. నిన్న రాత్రి పోస్టర్ మీద రెండు వేలు అని వేశారు, అది తీయించేస్తాను."

"తీయించు" అన్నారు సార్. "ఆ గేటు పిల్లల్ని ఒకసారి నా దగ్గరికి పంపు."

అట్టముక్క, చిరిగిన తొమ్మిది బ్యాండ్లు, రసీదు పుస్తకాలు, టిక్కుల జాబితా, స్టేట్‌మెంట్ కాపీ, అన్నీ ఒక కవర్లో పెట్టి ఆ అమ్మాయి అకౌంట్స్ సెక్షన్‌లో ఇచ్చింది, ఇచ్చినట్టు సంతకం తీసుకుంది. మీరూ సంతకం తీసుకోకుండా ఇవ్వకండి. ఆడిట్ వచ్చేనాటికి మీరు ఫైనలియర్‌లో ప్రాజెక్టు పనిమీద ఎక్కడో ఉంటారు.